మేనకోడలి పెళ్లికి లీవు కావాలి: 7వ తారీఖు, 11వ తారీఖు ఎవరి మీద పెట్టి వెళ్లాలి?

పద్దులబాబు (పీణ్యా, బెంగళూరు) | జనవరి 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పీణ్యాలో ఒక చిన్న విడిభాగాల ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. స్టాఫ్ అంతా కలిపి అరవై మంది. అకౌంట్స్‌లో నేనూ, పైన మేనేజరూ, అంతే.

ఫిబ్రవరి 8 రాత్రి 1:40కి మా అక్క కూతురి పెళ్లి, మండపేట దగ్గర. ఒక్కగానొక్క మేనమామని. బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్లాల్సింది నేనే, ఇంకొకరికి అప్పగించే పని కాదు. రైలు టికెట్లు 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన రోజే తీసేశాను. 3 సాయంత్రం బయలుదేరి 13 ఉదయం ఆఫీసులో ఉంటాను. ఆదివారం పోగా ఎనిమిది రోజుల లీవు.

గొడవ ఏంటంటే, టీడీఎస్ కట్టే 7, జీఎస్టీఆర్-1 వేసే 11, రెండూ ఆ మధ్యలోనే పడ్డాయి. మేనేజర్ గారిని అడిగితే కాదనలేదు. "ఎవరు చూస్తారో తేల్చి రా, అప్పుడు మాట్లాడదాం" అన్నారు. స్టోర్స్ బిల్లింగ్ చూసే కన్నడమ్మాయి ఉంది. చురుకైనది, ఒప్పుకుంది కూడా. అన్నీ వివరంగా ఒక ఫైల్లో రాసి ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఇప్పటికే పదకొండు పేజీలు అయ్యింది. ఇంకేం చేయాలి? లెటర్ ఎలా రాయాలి?

---

కోరమంగళ_కుర్రాడు | జనవరి 2, రాత్రి 10:15

బ్రో, మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇదంతా ఒక పూట పని. పని టికెట్లన్నీ ఇంకొకరి పేరు మీదికి మార్చడం, ఒక కాల్‌లో స్క్రీన్ చూపించి రికార్డ్ చేయడం, అంతే. పెళ్లి మధ్యలో ఏదైనా వస్తే ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంటుంది. మా తమ్ముడి నిశ్చితార్థంలో నేను వంటశాల పక్కన కూర్చుని రిలీజ్ చేశాను, ఎవరికీ తెలియలేదు కూడా. మా అమ్మకి తప్ప.

---

శ్రీపెరంబుదూరు_స్టోర్స్ | జనవరి 3, ఉదయం 7:05

ఎందుకండీ ఇంత కంగారు. మీ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఆ అమ్మాయికిచ్చి, ఓటీపీ వచ్చే సిమ్ పాత ఫోన్‌లో వేసి ఆమె దగ్గర పెట్టి వెళ్లండి. మా ఆఫీసులో ఎప్పుడూ అలాగే. టీడీఎస్ ఒక రోజు అటూ ఇటూ అయితే మాత్రం కొంప మునగదు. నెలకు ఒకటిన్నర శాతమే కదా వడ్డీ. ముందు లీవు సాంక్షన్ చేయించుకోండి.

---

తంబరం_తాతగారు | జనవరి 3, ఉదయం 8:30

బాబూ, చెన్నైలో ముప్ఫై ఏళ్లు ఇదే పని చేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

ముందు స్టోర్స్ గారి వడ్డీ లెక్క. ఒకటిన్నర శాతం నిజమే. కానీ అది 7వ తారీఖు నుంచి కాదు, పన్ను కోసిన రోజు నుంచి లెక్క. నెలలో ఒక్క రోజు తగిలినా పూర్తి నెల. జనవరి 31న జీతంలో కోసింది ఫిబ్రవరి 8న కడితే జనవరి ఒకటి, ఫిబ్రవరి ఒకటి, రెండు నెలలు. అంటే మూడు శాతం. మీ నెల టీడీఎస్ ఎంతో తెలియదు. లక్షా 80 వేలు అనుకుంటే, ఒక్క రోజు ఆలస్యానికి 5,400. లీవు నుంచి వచ్చాక మేనేజర్ ముందు నిలబడి చెప్పాల్సిన అంకె అది.

ఇక అసలు సంగతి. పదకొండు పేజీల ఫైలు పక్కన పెట్టు. అప్పగింతలో చెడిపోయేది పని తెలియక కాదు, తలుపు తెరుచుకోక. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది? బ్యాంకులో చెల్లింపు తయారుచేసే యూజర్ ఎవరు, ఆమోదించే యూజర్ ఎవరు? డైరెక్టర్ గారి డిజిటల్ సంతకం టోకెన్ ఎవరి సొరుగులో ఉంది, ఎవరి కంప్యూటర్లో పనిచేస్తుంది? ముందు ఈ మూడింటికి జవాబు రాసుకో.

రెండోది, అప్పగించే ముందు తగ్గించు. జీతాల టీడీఎస్ 31నే తెలిసిపోతుంది, 3న రైలెక్కే ముందు నువ్వే కట్టేయి. పీఎఫ్, ఈఎస్ఐ గడువు 15 కాబట్టి "వచ్చాక చూద్దాం" అనుకుంటున్నావేమో. రైలు లేటయితే, జ్వరమొస్తే? ఉద్యోగుల జీతంలో కోసిన పీఎఫ్ వాటా గడువు దాటి ఒక్క రోజు ఆలస్యంగా కట్టినా ఆ మొత్తాన్ని కంపెనీ ఆదాయపు పన్ను లెక్కలో తగ్గింపుగా చూపుకోలేదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అదీ 3 లోపే వేసేయి.

మూడోది, నీ అదృష్టం కొద్దీ ఈ నెల 7, 11 ఇంకా రాలేదు. ఆ అమ్మాయి చేతే చేయించు. నువ్వు పక్కన చేతులు కట్టుకుని కూర్చో. మౌస్ ముట్టుకోకు. ఆమె ఎక్కడ ఆగిపోయి నీ మొహం చూస్తుందో ఆ చోటే నీ ఫైల్లో రాయాల్సింది. మిగతాదంతా ఆమెకు వచ్చినట్టే.

---

వైట్‌ఫీల్డ్_వనజ | జనవరి 3, మధ్యాహ్నం 1:20

తాతగారి మాటకు నా అనుభవం కలుపుతాను. నేను అప్పగింత తీసుకున్న దాన్ని. రెండేళ్ల కిందట మా సీనియర్ గారు గృహప్రవేశమని పది రోజులు వెళ్తూ పద్నాలుగు పేజీలిచ్చారు. మూడో రోజు ఒక సప్లయర్ ఫోన్ చేసి, రెండు నెలల కిందటి బిల్లు బాకీ అని అరిచాడు. ఆ బిల్లు సంగతి పద్నాలుగు పేజీల్లో లేదు. నేను తెలియక "చూస్తానండీ" అన్నాను. అన్నానంటే ఒప్పుకున్నట్టే అయ్యింది. మాట పడింది నాకే.

అందుకే మీ ఫైల్లో రెండు సంగతులు తప్పకుండా రాయండి. ఏ తారీఖు దాకా జరిగింది మీ లెక్క, ఎప్పటి నుంచి ఆమె లెక్క అన్నది ఒకటి. ఆమె చేయకూడనివి ఏవి అన్నది రెండోది. పాత బాకీల గురించి మాట ఇవ్వకూడదు, సప్లయర్ బ్యాంకు వివరాలు మార్చమని మెయిల్ వస్తే మార్చకూడదు, ఇలాంటివి. ఏం చేయాలో అందరూ రాస్తారు, ఇది ఎవరూ రాయరు.

ఆమె పని ఆ ఎనిమిది రోజులు ఎవరు చూస్తారో కూడా అడిగారా? నన్నెవరూ అడగలేదు.

---

పద్దులబాబు | జనవరి 3, సాయంత్రం 6:50

వనజక్కా, నిజంగా ఆ సంగతి అడగలేదు. సిగ్గుగా ఉంది. రేపు అడుగుతాను.

తాతగారూ, మూడు తలుపులకీ జవాబు ఒకటే: నేను. ఓటీపీ నా ఫోన్‌కి, బ్యాంకులో తయారుచేసే యూజర్ నేను, టోకెన్ నా సొరుగులో. డైరెక్టర్ గారు పాస్‌వర్డ్ కూడా నాకే చెప్పారు.

---

తంబరం_తాతగారు | జనవరి 3, రాత్రి 8:10

టోకెన్ ఆయన సంతకం నాయనా, నీ సొరుగులో ఉన్నంత మాత్రాన నీది కాదు. నువ్వు ఆ అమ్మాయికి ఇవ్వకూడదు. వెళ్లే ముందు ఆయన చేతికే ఇచ్చేయి. ఆయన కూర్చుని సంతకం పెడతారో, ఇంకెవరికైనా ఇస్తారో, అది ఆయన ఇష్టం. ఇచ్చినట్టు మాత్రం ఒక మెయిల్ ఉండాలి.

సిమ్ ఇచ్చి వెళ్లడం గురించి స్టోర్స్ గారు చెప్పింది చాలా ఆఫీసుల్లో జరిగేదే, కాదనను. కానీ ఆ సిమ్‌కే నీ సొంత బ్యాంకు ఓటీపీలు కూడా వస్తాయి. పైగా నీ యూజర్‌తో ఆమె ఏం చేసినా రికార్డులో నువ్వు చేసినట్టే పడుతుంది. రేపు ఏదైనా తేడా వస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఇంకొకటి అడగడం మరిచాను. సరుకు బయటికి పోయేటప్పుడు ఈ-వే బిల్లు ఎవరు తీస్తారు?

---

పద్దులబాబు | జనవరి 7, రాత్రి 10:30

తాతగారూ, మీరు అడిగిన ఆ ఆఖరి ప్రశ్న నన్ను కాపాడింది. ఈ-వే బిల్లు నా లాగిన్‌తోనే తీస్తాం, రోజుకు ఆరేడు. లాగిన్ అయినప్పుడు ఓటీపీ నాకే. నాకు అలవాటైపోయి అదొక పనిగా కూడా లెక్కలోకి రాలేదు, పదకొండు పేజీల్లో దాని ఊసే లేదు. నేను కోనసీమ వైపు సిగ్నల్ లేని చోట ఉంటే ఇక్కడ లారీ గేటు దగ్గర నిలబడిపోయేది.

పోర్టల్లోనే సబ్-యూజర్ అని ఉంది. ఆ అమ్మాయి ఫోన్ నంబరుతో ఒకటి సృష్టించాం, ఓటీపీ ఇప్పుడు ఆమెకే వస్తుంది. పావుగంట పని. ఇన్నేళ్లూ ఎందుకు చేయలేదో తెలియదు.

ఇవాళ టీడీఎస్ ఆమె చేతే కట్టించాను. చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో! మూడు చోట్ల ఆగింది. అసెస్‌మెంట్ ఇయర్ అడిగిన చోట నడుస్తున్న ఆర్థిక సంవత్సరాన్ని కొట్టింది. నేను నోరు తెరవబోయి ఆగాను. చెల్లింపుకు ముందు మొత్తం చూపించే పేజీలో తనే పట్టుకుంది, "సార్, ఇదు హోద వర్షద్దా?" అని, అంటే పోయిన ఏడాదిదా అని. ఫైల్లో ఎర్ర అక్షరాల్లో రాసుకున్నాం. రెండోది, కాంట్రాక్టర్‌కి కోసిందీ ప్రొఫెషనల్ ఫీజులో కోసిందీ ఒకే చలానాలో కలపబోయింది. మూడోది నా తప్పు: ఒక కాంట్రాక్టర్ బిల్లు ఇంకా పుస్తకాల్లో ఎక్కలేదు, నా డైరీలో మాత్రమే ఉంది.

బ్యాంకు దగ్గర మాత్రం దెబ్బ తగిలింది. ఆమెకు కొత్త యూజర్ కావాలంటే ఫారం, డైరెక్టర్ సంతకం, బోర్డు తీర్మానం కాపీ. వారం పది రోజులు అన్నారు. నెలాఖరులో మొదలుపెట్టి ఉంటే అయిపోయేవాణ్ని.

---

వైట్‌ఫీల్డ్_వనజ | జనవరి 8, ఉదయం 9:00

డైరీలో మాత్రమే ఉన్న బిల్లు! అప్పగింత ఇబ్బందులన్నీ అక్కడే పుడతాయి. ఫిబ్రవరి 1న మీ డైరీ, మీ వాట్సాప్, మీ బల్ల మీద క్లిప్పులో ఉన్న కాగితాలు, మూడూ ఒకసారి తిరగేయండి.

---

శ్రీపెరంబుదూరు_స్టోర్స్ | జనవరి 8, ఉదయం 11:40

వడ్డీ లెక్క సరిచేసినందుకు తాతగారికి థాంక్స్, మా వాళ్లకి కూడా చూపించాను. ఒప్పుకోలేదనుకోండి.

కానీ నాకొక బాధ. లీవు మన హక్కు కదండీ. ఫ్యాక్టరీలో గడిచిన ఏడాది పనిచేసిన ప్రతి 20 రోజులకీ ఒక రోజు జీతంతో లీవు చట్టంలోనే ఉంది. కిందటేడు మా అన్న కొడుకు బారసాలకి రెండు రోజులు అడిగితే, "నీ బదులు ఎవర్ని పెడతావ్" అని నన్నే అడిగారు. మనిషిని చూసుకోవాల్సింది వాళ్లు కదా, నేనెందుకు వెతకాలి? వెతకను అన్నాను. లీవు ఇవ్వలేదు. ఇప్పటికీ వదినగారు మాట్లాడటం లేదు.

---

తంబరం_తాతగారు | జనవరి 8, మధ్యాహ్నం 12:15

మీ మాటలో న్యాయం ఉంది. లీవు ఉండటం హక్కే. అయితే అడిగిన తారీఖులకే దొరకడం వేరే సంగతి. 2025 దాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో కూడా కనీసం 15 రోజుల ముందు రాసి ఇవ్వాలని ఉండేది. రాసిన కాగితం లేకుండా వాదిస్తే ఎక్కడా నిలబడదు. బదులు మనిషిని ఉద్యోగే వెతకాలా అంటే, వెతకక్కర్లేదనే నేనూ అంటాను. కానీ అరవై మంది ఉన్న చోట పని తెలిసింది ఒక్కడికే అయినప్పుడు మేనేజర్‌కి మాత్రం ఎవరు తెలుస్తారు? దీని మీద మనిద్దరికీ ఎప్పటికీ కుదరదు, వదిలేద్దాం.

బాబూ, 11న జీఎస్టీఆర్-1 ఆమె కంప్యూటర్ మీదే చేయించు. నీ కంప్యూటర్ మీద కాదు.

---

పద్దులబాబు | జనవరి 12, రాత్రి 9:15

ఎందుకన్నారో నిన్న అర్థమైంది. డైరెక్టర్ గారి టోకెన్ ఆమె కంప్యూటర్‌కి పెడితే గుర్తుపట్టలేదు. టోకెన్ డ్రైవరూ, సంతకానికి కావాల్సిన ఎమ్‌సైనరూ నా దాంట్లో మాత్రమే ఉన్నాయి. గంటన్నర పట్టింది వేయడానికి. ఫిబ్రవరి 11 సాయంత్రం ఇది జరిగి ఉంటే గడువు గడిచేది. ఇన్‌వాయిస్‌లు మా కొనుగోలుదార్ల 2బిలో ఆ నెలకు పడేవి కావు, పన్ను క్రెడిట్ ఒక నెల వెనక్కి పోయేది, వాళ్ల ఫోన్లు ఆమెకు వచ్చేవి.

లీవు మెయిల్ ఇవాళ పంపాను. ఇంగ్లీషులో పంపాను గానీ సారం ఇదీ:

> సార్, ఫిబ్రవరి 8న మా అక్క కూతురి వివాహం. ఫిబ్రవరి 4 నుంచి 12 వరకు లీవు కోరుతున్నాను. 13 ఉదయం డ్యూటీలో ఉంటాను.
>
> 3వ తారీఖు లోపు నేను పూర్తి చేసేవి: జీతాల టీడీఎస్, పీఎఫ్, ఈఎస్ఐ.
>
> ఆమె చేసేవి: మిగతా టీడీఎస్ 5న, జీఎస్టీఆర్-1 10న, రోజూ ఈ-వే బిల్లులు. టీడీఎస్, జీఎస్టీఆర్-1 ఈ నెల నా ముందు తనే చేశారు, ఈ-వే బిల్లులు 7 నుంచి తనే తీస్తున్నారు.
>
> మీ నుంచి కావాల్సినవి: బ్యాంకు యూజర్ ఫారం మీద డైరెక్టర్ గారి సంతకం ఈ వారంలోనే. 4 నుంచి 12 దాకా స్టోర్స్ బిల్లింగ్‌లో ఆమెకు ఒక మనిషి సాయం. డైరెక్టర్ గారు 10న ఊళ్లో ఉంటారని నిర్ధారణ, లేకపోతే 9నే సంతకం.
>
> సప్లయర్ల పాత బాకీల విషయాలు 13 వరకు ఆగుతాయి, ఆమె వాటికి జవాబు చెప్పరు.

ఆమెను కాపీలో పెట్టాను. పంపే ముందు ఆమెకే చదివి వినిపించాను. "10న" అని నేను రాస్తే "9న మొదలుపెడతాను సార్" అంది.

---

తంబరం_తాతగారు | జనవరి 12, రాత్రి 9:50

బాగుంది. మేనేజర్ నుంచి కావాల్సినవి రాశావే, అదే ఈ మెయిల్‌కి ప్రాణం. "దయచేసి మన్నించి అనుమతించగలరు" అని నాలుగు వాక్యాలు రాసి ఉంటే ఆయన "ఓకే" అని ఊరుకునేవాడు, ఫారం అలాగే పడి ఉండేది.

---

కోరమంగళ_కుర్రాడు | జనవరి 13, ఉదయం 10:05

ఇంత చేశాక కూడా ఫోన్ ఆన్‌లో పెడతారా ఆఫ్‌లోనా? నేనైతే ల్యాప్‌టాప్ పట్టుకెళ్తా, మనశ్శాంతి.

---

వైట్‌ఫీల్డ్_వనజ | జనవరి 13, ఉదయం 10:40

పట్టుకెళ్లొద్దు. ల్యాప్‌టాప్ ఉందని తెలిస్తే ప్రతి చిన్నదానికీ ఫోన్ వస్తుంది, ఆమె కూడా తనంతట తాను ఏదీ తేల్చదు. రోజుకు ఒక వేళ చెప్పండి, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పది. ఆ అరగంటే.

---

తంబరం_తాతగారు | జనవరి 13, ఉదయం 11:00

వనజమ్మా, 10, 11 తారీఖుల్లో మాత్రం అరగంట చాలదంటాను నేను. ఆ రెండు రోజులు ఫోన్ ఎత్తాలి.

---

పద్దులబాబు | ఫిబ్రవరి 14, రాత్రి 9:20

వచ్చేశాను. పెళ్లి బాగా జరిగింది. మేనకోడలు చిన్నప్పటంత తేలిగ్గా లేదు, బుట్టకి అటుపక్క మా బావమరిది చెయ్యి వేశాడు.

ఇక్కడి సంగతులు. బ్యాంకు యూజర్ జనవరి 27కి వచ్చింది, వచ్చిన రోజే ఒక చిన్న చెల్లింపు చేసి చూసుకున్నాం. టీడీఎస్ 5న కట్టేసింది. లారీ ఒక్కటీ ఆగలేదు.

9వ తారీఖున మాత్రం, నేను పెళ్లయ్యి పడుకున్న మధ్యాహ్నం, ఒకటి వచ్చిందట. జనవరి 30న ఇచ్చిన ఒక ఇన్‌వాయిస్‌లో పరిమాణం తప్పని కస్టమర్ రద్దు చేయమన్నాడు. ఈ-ఇన్‌వాయిస్ 24 గంటలు దాటితే పోర్టల్లో రద్దు కాదు. మేనేజర్ గారు "జీఎస్టీఆర్-1 ఇంకా వేయలేదుగా, ఆ ఒక్కటి తీసేసి వేయి" అన్నారు. ఇది నా ఫైల్లో లేదు. ఆమె తీయలేదు. ఇన్‌వాయిస్ ఉన్నట్టే జనవరిలో చూపించి, తేడాకి 9వ తారీఖుతో క్రెడిట్ నోట్ ఇచ్చింది. అది ఫిబ్రవరి నెల లెక్కలోకి వస్తుంది. నేనున్నా అదే చేసేవాణ్ని. ఎలా తెలిసిందంటే, స్టోర్స్‌లో సరుకు వెనక్కి వచ్చినప్పుడల్లా క్రెడిట్ నోట్ కాగితం తయారుచేసేది తనేనట. నాకు ఇన్నేళ్లుగా తెలియదు.

నాకు ఫోన్ చేసింది ఒక్కసారి, 10 సాయంత్రం, జీఎస్టీఆర్-1 వేసేశానని చెప్పడానికి. నేను ఎత్తలేదు, ఫోన్ మా ఆవిడ సంచిలో ఉండిపోయింది.

ఏప్రిల్‌లో వాళ్లన్నయ్య పెళ్లి, హాసన్ దగ్గర. స్టోర్స్ బిల్లింగ్ ఎనిమిది రోజులు నేను చూడాలి. మార్చి నెల క్లోజింగ్ కూడా అప్పుడే.

---

వైట్‌ఫీల్డ్_వనజ | ఫిబ్రవరి 14, రాత్రి 9:45

మార్చిలోనే ఒక రోజు ఆమె బల్ల దగ్గర కూర్చోండి బాబుగారూ. మౌస్ మీ చేతిలో, ఆమె చేతులు కట్టుకుని.